ఐపీ చిరునామాల అజ్ఞాతీకరణ

ఐపీ అజ్ఞాతీకరణ అంటే వెబ్‌సైట్ లాగ్‌లో సందర్శకుల చిరునామాలను, వ్యక్తిని గుర్తుపట్టలేని విధంగా మార్చి నమోదు చేసే పద్ధతి. 2010లో గూగుల్ అనలిటిక్స్ చిరునామా చివరి భాగాన్ని సున్నా చేసే సౌకర్యం తెచ్చింది, 203.0.113.77 అప్పుడు 203.0.113.0 అవుతుంది. దీంతో 256 చిరునామాలు ఒకటిగా కలిసిపోయి, దాడి చేసేవారిని పక్కవారి నుంచి వేరుచేయడం కుదరదు. మామూలు హ్యాష్ కూడా చాలదు: ఐపీవీ4లో ఉన్నవి సుమారు 430 కోట్ల చిరునామాలే కాబట్టి, అన్నిటికీ హ్యాష్ లెక్కగట్టి అసలుదాన్ని పట్టేయవచ్చు. అందుకే రహస్య కీతో HMAC-SHA256 వాడి, ఆ కీని రోజూ మార్చి పాతదాన్ని చెరిపేయడం మేలైన మార్గం. ఒకే చిరునామా నుంచి వందలకొద్దీ లాగిన్ ప్రయత్నాలు వస్తే, అవన్నీ ఆ రోజంతా ఒకే గుర్తు కింద కనబడతాయి. మర్నాటికి ఆ గుర్తు మారిపోతుంది. రోజుల తరబడి నెమ్మదిగా సాగే దాడి మాత్రం దీనికి చిక్కదు. కీ చేతిలో ఉన్నంతకాలం, ఐరోపా జీడీపీఆర్ ప్రకారం ఈ గుర్తులు ఆ సంస్థకు వ్యక్తిగత సమాచారమే.