పందెం అప్పుల ఒప్పుకోలు ఉత్తరం

బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకున్నవారు ఆ సంగతి కన్నవాళ్లకు చెప్పి, సాయం కోరుతూ రాసే ఉత్తరం ఇది. అమ్మానాన్నలు గోదావరి జిల్లాల్లో, కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండే ఇళ్లలో దీని అవసరం ఎక్కువ. జూదం ఇక్కడ కొత్తేమీ కాదు. చట్టం కాదన్నా సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేలు జరుగుతూనే ఉన్నాయి. అయితే బరిలో పోయిన డబ్బు చీకటిపడేలోగా ఊరికి తెలుస్తుంది. ఫోన్‌లో పోయినది తనంతట తాను చెబితే తప్ప ఇంట్లోవాళ్లకు తెలియదు.

ఇలాంటి ఉత్తరాల్లో పెద్ద లోపం సగమే చెప్పడం. ఒక ఊహా ఉదాహరణ: అమలాపురం దగ్గరి యువకుడికి నెలకు 70 వేల జీతం. బ్యాంకు పర్సనల్ లోన్ 6 లక్షలు, క్రెడిట్ కార్డు బాకీ 2.4 లక్షలు, స్నేహితుల చేబదుళ్లు 1.5 లక్షలు, లోన్ యాప్‌లకు 60 వేలు, వెరసి 10.5 లక్షలు. ఉత్తరంలో మాత్రం ‘నాన్నగారూ, ఆరు లక్షలు అప్పయింది’ అని రాస్తాడు. ఉన్నవాటిలో కాస్త పరువుగా కనిపించేది బ్యాంకు అప్పే మరి. తండ్రి ప్రోనోటు రాసి ఆ ఆరూ తెచ్చి కట్టేస్తాడు. కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం లెక్కన 8,400 రూపాయల వడ్డీ నడుస్తూనే ఉంటుంది. దాన్ని పూడ్చడానికి కుర్రాడు మళ్లీ పందెం కాస్తాడు.

లెక్క పూర్తిగా వచ్చిందో లేదో తేల్చడానికి రెండు కాగితాలు కావాలి. సిబిల్ నివేదికలో బ్యాంకు, కార్డు, గుర్తింపు ఉన్న సంస్థల అప్పులు కనిపిస్తాయి. చేబదుళ్లు, దొంగ యాప్‌ల అప్పులు అందులో ఉండవు. వాటి జాడ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని యూపీఐ చెల్లింపుల్లో దొరుకుతుంది.

పోయినదాన్ని రాబట్టాలని మళ్లీ ఆడడం, ఎంత ఆడుతున్నదీ దాచడం, చిక్కుల్లోంచి బయటపడేయమని ఇతరుల డబ్బు మీద ఆధారపడడం: అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్‌ఎమ్-5 జూద వ్యసనానికి చెప్పిన తొమ్మిది లక్షణాల్లో ఈ మూడూ ఉన్నాయి. అంటే సాయం కోరే ఉత్తరమే ఒక్కోసారి జబ్బులో భాగం కావచ్చు. అలాగని కన్నవాళ్లు చేయి విడవాలని కాదు. డబ్బు కొడుకు ఖాతాలో వేయకుండా అప్పిచ్చినవారికే నేరుగా కట్టడం, కొంతకాలం జీతం ఖాతాను ఇంట్లో ఇంకొకరు చూసుకోవడం, చేను అమ్మకాన్ని లెక్క తేలేదాకా ఆపడం మేలు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

బుకీ బాకీని ఉత్తరంలో విడిగా రాయాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, ఆ సొమ్ము కోసం కోర్టులో దావా నిలవదు. అందుకే బుకీలు కోర్టుకు పోకుండా ఇంటికి మనుషుల్ని పంపుతారు, అప్పుడు వెళ్లాల్సింది పోలీసుల దగ్గరికి. బ్యాంకు అప్పు సంగతి వేరు. ఆ డబ్బు పందెంలో పోయిందన్న కారణంతో అది రద్దు కాదు.