ఎయిర్ సస్పెన్షన్ కారు రాత్రికి రాత్రే ఎందుకు కుంగుతుంది? ఎత్తు మార్చేది ఒకటి, గట్టిదనం మార్చేది ఇంకొకటి

మహబూబాబాద్ పక్కనున్న కురవికి పోయిన చలికాలం ఓ పెళ్లికి మాకు తెలిసిన ఒకాయన హైదరాబాద్ నుంచి కారులో వచ్చారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెద్ద విదేశీ ఎస్‌యూవీ. రాత్రి పార్క్ చేసినప్పుడు బండి సమంగానే ఉంది. తెల్లారి చూస్తే ముందు ఎడమ మూల కుంగిపోయి, మడ్‌గార్డ్ టైరుకు ఆనుతుందేమో అన్నట్టు కనిపించింది. టైరులో గాలి దిగిందనుకున్నారు, కానీ టైరు బాగానే ఉంది. స్టార్ట్ చేయగానే కింద ఎక్కడో చిన్న మోటారు గుయ్యిమంది, నిమిషంలోపే ఆ మూల లేచి మిగతా వాటితో సమానమైంది. ‘ఏం లేదు, దానికదే సెట్ అయింది’ అనుకుని ఆయన పెళ్లి పనిలో పడిపోయారు. ఆ మాటే తర్వాత ఖరీదైంది. అదెలాగో తెలియాలంటే ముందు ఆ బండి కింద ఏముందో చూడాలి.

ఏ బండికైనా చక్రం దగ్గర రెండు పనులు జరగాలి. ఒకటి బరువు మోయడం. మన పల్లెవెలుగు బస్సులో, లారీలో ఆ పని కమాన్ పట్టీలు చేస్తాయి, మామూలు కారులో ఇనుప చుట్ట స్ప్రింగు చేస్తుంది. రెండోది, గుంతలో పడి లేచిన బండి అలా ఊగుతూనే ఉండకుండా ఆపడం. అది షాక్ అబ్జార్బర్ పని. ఇంజనీర్లు దాన్నే డ్యాంపర్ అంటారు. షాక్ అబ్జార్బర్ బండి బరువు మోయదు. అది పాడైతే బండి ఊగుతుందే కానీ కుంగదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, బండి కుంగితే షాక్‌లు మార్పిస్తారు, ఊగితే స్ప్రింగు మార్పిస్తారు.

ఎయిర్ సస్పెన్షన్ అంటే ఇనుప స్ప్రింగు తీసేసి ఆ చోట గట్టి రబ్బరు సంచిలో గాలి పెట్టడం. మెకానిక్‌లు దీన్ని బెలూన్ అంటారు. యాక్సిడెంట్‌లో స్టీరింగ్‌లోంచి బయటికొచ్చే ఎయిర్‌బ్యాగ్‌కూ దీనికీ సంబంధం లేదు. హైదరాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు తిరిగే ఆర్టీసీ పుష్పక్ ఎలక్ట్రిక్ బస్సు, లాంగ్ రూట్ వోల్వో బస్సు ఇలాంటి బెలూన్ల మీదే నడుస్తాయి. స్టాప్‌లో కొన్ని లో-ఫ్లోర్ బస్సులు ‘ఉస్స్’ మని ఓ పక్కకు కొద్దిగా వంగుతాయి కదా, అది ఆ పక్క బెలూన్లలోంచి గాలి వదలడమే. ముసలివాళ్లు ఎక్కాక మళ్లీ గాలి నింపుకుని లేస్తుంది.

కారులో ఈ బెలూన్లతో పాటు ఓ చిన్న ఎలక్ట్రిక్ కంప్రెసర్, ఏ మూలకు గాలి పంపాలో చూసే వాల్వుల డబ్బా, ఎత్తు కొలిచే సెన్సర్లు, వీటన్నిటినీ నడిపే కంప్యూటర్ ఉంటాయి. చాలా కార్లలో గాలి నిల్వ ఉంచే ట్యాంకు కూడా ఉంటుంది. ఇప్పుడు చిన్న లెక్క. ఒక మూల మీద 500 కిలోల బరువు పడుతోందని, బెలూన్ ఆ బరువును 80 చదరపు సెంటీమీటర్ల మేర ఎత్తి పట్టుకుంటోందని అనుకుందాం. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 6 కిలోలకు పైనే. పంక్చర్ షాపు భాషలో దాదాపు 90 పాయింట్లు. కారు టైరులో పెట్టేది 33 పాయింట్లే. వెనక సీట్లో మనుషులు, డిక్కీలో సామాను ఎక్కి అదే మూల మీద ఇంకో 80 కిలోలు పడితే ఇనుప స్ప్రింగు బండి వెనక్కి కుంగిపోతుంది. ఎయిర్ బండిలో సెన్సర్ ఆ కుంగుడును పట్టుకుంటుంది, కంప్రెసర్ గాలి పంపుతుంది, బెలూన్‌లో పాయింట్లు 103 దాకా పెరుగుతాయి, బండి పాత ఎత్తుకు వస్తుంది. గాలి ఒత్తిడి పెరిగితే బెలూన్ కూడా ఆ మేరకు గట్టిపడుతుంది. అందుకే ఒక్కరే కూర్చున్నా, ఐదుగురు కూర్చున్నా రైడ్ దాదాపు ఒకేలా ఉంటుంది. ఎయిర్ సస్పెన్షన్ అసలు గొప్పతనం ఇదే, బటన్ నొక్కితే బండి లేవడం కాదు.

బటన్ నొక్కి బండిని ఎత్తినప్పుడు బెలూన్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. బండి బరువు పెరగలేదు కాబట్టి లోపలి ఒత్తిడి కూడా పెద్దగా పెరగదు. ఎక్కువ గాలి వెళ్లి సంచి పొడుగవుతుంది, అంతే. మరి ఎత్తు మోడ్‌లో గుంతల దగ్గర ‘టక్’ మని ఎందుకు కొడుతుందంటే, బండి అప్పటికే పైకి లేచి ఉంది కాబట్టి చక్రం ఇంకా కిందికి జారడానికి చోటు తక్కువ. గుంతలోకి చక్రం దిగగానే షాక్ చివరి దాకా సాగి ఆగిపోతుంది. అందుకే ఎత్తు మోడ్‌ను బురద రోడ్లలో, పెద్ద బ్రేకర్ల దగ్గర మెల్లగా పోయేటప్పుడే వాడాలి. వేగం పెరిగితే చాలా బండ్లు వాటంతట అవే కిందికి దిగుతాయి.

ఇక గట్టిదనం సంగతి. నీళ్ల తొట్టిలో చెయ్యి మెల్లగా కదిపితే హాయిగా కదులుతుంది, గట్టిగా చరిస్తే నీళ్లు ఎదురు తిరుగుతాయి. షాక్ అబ్జార్బర్ లోపల జరిగేది ఇదే. నూనెలో పిస్టన్ కదులుతుంది, చిన్న దారుల గుండా నూనె అటూ ఇటూ పోతుంది. మామూలు షాక్‌లో ఆ దారుల సైజు ఫ్యాక్టరీలోనే ఖాయం. అడాప్టివ్ డ్యాంపర్‌లో కరెంటుతో నడిచే వాల్వు ఆ దారిని చిన్నది చేస్తుంది, పెద్దది చేస్తుంది. దారి సన్నమైతే బండి గట్టిగా, మలుపుల్లో ఒరగకుండా పోతుంది. దారి పెద్దదైతే మెత్తగా. ఇంకో రకంలో వాల్వు ఉండదు, నూనెలోనే సన్నటి ఇనుప రజను కలిపి ఉంటుంది. చుట్టూ కరెంటు పంపితే ఆ రజను అయస్కాంతం దగ్గరిలా వరుస కట్టి నూనెను చిక్కబరుస్తుంది. 2002లో క్యాడిలాక్ కారులో ఇది మొదటిసారి అమ్మకానికి వచ్చింది.

ఈ రెండు వ్యవస్థలకూ వేగంలో చాలా తేడా ఉంది. డ్యాంపర్ కొన్ని మిల్లీ సెకన్లలో మారుతుంది. 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో వందో వంతు కాలంలో 17 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. అంటే చక్రం బ్రేకర్ ఎక్కుతుండగానే షాక్ మెత్తబడే వీలుంది. బెలూన్‌కు మాత్రం ఒక ఎత్తు నుంచి ఇంకో ఎత్తుకు పోవడానికి చాలా సెకన్లు కావాలి. ఊళ్లలో జనం సొంతంగా పోసుకున్న నిటారు బ్రేకర్ కనబడ్డాక బటన్ నొక్కితే లాభం లేదు. బండి లేచేలోపు కింద గీసుకుపోతుంది. ముందే ఆగి, ఎత్తు పెంచుకుని, అప్పుడు దాటాలి.

షోరూంలో ఈ పేర్లు ఒకదాంట్లో ఒకటి కలిపేసి చెబుతుంటారు. మహీంద్రా ఎక్స్‌యూవీ700లో ఉన్న ఫ్రీక్వెన్సీ సెలెక్టివ్ డ్యాంపింగ్ కుదుపు తీరును బట్టి లోపలి వాల్వు దానంతటదే స్పందించే మెకానికల్ ఏర్పాటు. దానికి కరెంటు, కంప్యూటర్ అక్కర్లేదు. అదే కంపెనీ 2024 నవంబర్‌లో చూపించిన బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ పై వేరియంట్లలో ఉన్నది కరెంటుతో మారే సెమీ యాక్టివ్ డ్యాంపర్. ఈ మూడింట్లోనూ గాలి బెలూన్లు లేవు, అంటే గట్టిదనం మారుతుంది గానీ ఎత్తు మారదు. ఎత్తు, గట్టిదనం రెండూ కలిపి ఇచ్చేది మన దగ్గర ఇప్పటికీ ఎక్కువగా ఖరీదైన విదేశీ కార్లలోనే.

మళ్లీ కురవి బండి దగ్గరికి వద్దాం. మూడు వారాల తర్వాత హైదరాబాద్‌లో ఆ మూల కుంగి ఇక లేవలేదు. గ్యారేజీలో ఆయన అన్నది: “చాచా, కంప్రెసర్ పోయినట్టుంది, కొత్తది ఎక్కించు.” పెద్దాయన ముందు కొలత టేపు తెచ్చి ఒక్కో చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచాడు. మూడు మూలలు 43 సెంటీమీటర్లకు అటూ ఇటూ, ముందు ఎడమది 36. “కంప్రెసర్ ఖరాబైంది నిజమే బాబూ. గానీ దాన్ని చంపింది లీకు. కొత్తది పెడితే గది కూడా సస్తది” అన్నాడు. బయటి కంప్రెసర్‌తో ఆ బెలూన్‌లో గాలి నింపి, సబ్బు నీళ్లు చల్లాడు. కింద రబ్బరు మడత పడే చోట సన్నటి బుడగలు వచ్చాయి. ఏళ్ల తరబడి అదే చోట మడిచి విప్పితే రబ్బరు పగులుతుంది, మధ్యలో చేరిన ఇసుక, దుమ్ము దాన్ని ఇంకా తొందర చేస్తాయి.

ఆ కంప్రెసర్ అప్పుడప్పుడు కాసేపు తిరిగి ఆగడానికి చేసింది. లీకు ఉంటే ప్రతి స్టార్ట్‌కూ, దారి పొడవునా తిరుగుతూనే ఉంటుంది. వేడెక్కి అరిగిపోతుంది. గాలిలోని తేమను పీల్చే గుళికలు కూడా ఆరడానికి టైం దొరక్క తడిసి, ఆ తడి వాల్వుల దాకా పోతుంది. పెళ్లి రోజే లీకు వెతికించి ఉంటే ఒక్క బెలూన్‌తో పోయేది. ఇప్పుడు బెలూన్, కంప్రెసర్, రిలే మూడూ మార్చాల్సి వచ్చింది.

మీ బండి మీద అనుమానం ఉంటే ఇదే పద్ధతి. సమతలం మీద ఆపి నాలుగు మూలలూ కొలిచి రాసుకోండి, తెల్లారి స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవండి. చలికాలం పగలు 30 డిగ్రీలు, తెల్లారుజామున 15 డిగ్రీలు ఉంటే గాలి ముడుచుకుని బండి నాలుగు వైపులా ఓ సెంటీమీటరు దిగొచ్చు. అది లీకు కాదు. ఒకే మూల మూడు నాలుగు సెంటీమీటర్లు దిగితే ఆ మూల బెలూన్, పైపు, లేదా దాని వాల్వు. ఇక్కడ చిన్న మోసం ఉంది. కొన్ని బండ్లు పార్క్ చేశాక కూడా మధ్యలో లేచి, కుంగిన మూలతో సమానం చేయడానికి మిగతా మూలల్లోని గాలి కూడా వదిలేస్తాయి. అప్పుడు తప్పు ఎక్కడుందో తెలియదు. అందుకే మెకానిక్ చేత ఆ సిస్టం ఫ్యూజు తీయించి రాత్రంతా ఉంచితే అసలు మూల బయటపడుతుంది. సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లేటప్పుడు రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే, అమ్మేవాళ్లు స్టార్ట్ చేయకముందే చూడండి.

అడాప్టివ్ షాక్ పాడైతే గుర్తులు వేరే. ఎత్తు బాగానే ఉంటుంది, షాక్ ఒంటి మీద నూనె తడి కనిపిస్తుంది, బ్రేకర్ దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంది. కరెంటు వైరు తెగితే చాలా బండ్లలో షాక్ ఒకే స్థాయిలో, తరచుగా గట్టి వైపు ఉండిపోతుంది. మోడ్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా తేడా తెలియదు.

పంక్చర్ షాపు వాళ్లకు తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. జాకీ పెట్టి లేపగానే చక్రం కిందికి వేలాడుతుంది, బండి బాగా ఎత్తు లేచిందని సెన్సర్ పొరబడుతుంది, కంప్యూటర్ గాలి వదలడం మొదలుపెడుతుంది. బండి ఉన్నట్టుండి కదలొచ్చు. అందుకే జాకీ పెట్టకముందే మెనూలో జాక్ మోడ్ ఆన్ చేయాలి. ఆ మోడ్ ఎక్కడుందో కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. గాలి మీద నిలబడిన బండి కిందికి, ఉక్కు స్టాండ్లు పెట్టకుండా ఎవరూ దూరకూడదు. బెలూన్ పగిలితే మడ్‌గార్డ్‌కూ చక్రానికీ మధ్య ఉన్న ఖాళీ ఒక్క క్షణంలో మూసుకుపోతుంది. పూర్తిగా కుంగిన బండిని అలాగే మహబూబాబాద్ నుంచి హైదరాబాద్ దాకా తోలుకుపోవడం కూడా వద్దు. రబ్బరు తప్పుగా మడత పడి ఇంకా చిరుగుతుంది. తాడుతో లాగించకుండా, నాలుగు చక్రాలూ పైకెక్కే బండి మీదే పంపించాలి.