పాత నంబరుకే ఫోన్ కొట్టాలి

2024 నవంబర్‌లో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఒక బాకీ తీర్చింది. బెంగళూరులోని గ్రూప్ ఫార్మాస్యూటికల్స్‌కు చేరాల్సిన 2.16 కోట్ల రూపాయలు అవి. తీరా డబ్బు పడింది వడోదరలోని ఎవరిదో ఖాతాలో. రెండు కంపెనీల మధ్య మెయిళ్లు నడుస్తుండగా దొంగలు మధ్యలో దూరారు. అచ్చం గ్రూప్ వాళ్లదిలాగే కనిపించే అడ్రసుతో కొత్త ఖాతా వివరాలు పంపారు. లెక్కల విభాగం ఉన్న పెద్ద కంపెనీకే ఇలా అయితే, యజమానే గుమాస్తా అయిన చోట సంగతేంటి?

ఇదే ఎత్తు కరీంనగర్‌లో ఒక చిన్న గ్రానైట్ వ్యాపారి మీద వేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. ఇక్కడి మనుషులు కల్పితం, మోసం నడిచే తీరు కాదు.

శనివారం సాయంత్రం. రాయి కోసే డైమండ్ వైరుకు బాలానగర్ సప్లయర్ నుంచి మెయిల్‌లో బిల్లు వచ్చింది. సరుకు 4,00,000, జీఎస్టీ 72,000, మొత్తం 4,72,000. కింద రెండు వాక్యాలు: "ఆడిట్ వల్ల పాత ఖాతా ఆగింది, కొత్త ఖాతాకు వేయగలరు. సందేహాలుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

అకౌంట్లు రాసే పిల్లగాడు అప్పటికే బిల్లంతా చూశాడు. "సేటూ, జీఎస్టీ నంబరు పోర్టల్‌ల కొట్టిన, కంపెనీ పేరు కరెక్టే వచ్చింది. క్యూఆర్ కూడ స్కాన్ అయితుంది. వేసెయ్యాల్నా?"

చాలామంది మోసపోయేది సరిగ్గా ఇక్కడే. దొంగ బిల్లును కొత్తగా సృష్టించనక్కర్లేదు. సప్లయర్ మెయిల్‌లోంచి అసలు బిల్లే తీసి, బ్యాంకు వివరాల వరస ఒక్కటి మారుస్తాడు. జీఎస్టీ పోర్టల్‌లో వ్యాపారి పేరు, చిరునామా కనిపిస్తాయి, బ్యాంకు ఖాతా కనిపించదు. ఈ-ఇన్వాయిస్ క్యూఆర్‌లో అమ్మిన, కొన్నవాళ్ల జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం ఉంటాయి. ఖాతా నంబరు అందులోనూ ఉండదు. కాబట్టి అన్నీ సరిపోయినా డబ్బు ఎవరికి పోతుందో తెలియదు. మెయిల్ అడ్రసు అక్షరం పొల్లుపోకుండా కలిసినా నమ్మడానికి లేదు. సప్లయర్ మెయిలే దొంగ చేతిలో ఉండొచ్చు.

సేటు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చూశాడు. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, ఆ తర్వాత సున్నా, చివరి ఆరు శాఖవి. వెతికితే శాఖ వేరే రాష్ట్రంలో తేలింది. బాలానగర్ వాళ్లకు అక్కడేం పని?

తర్వాత ఆ ఖాతాను నెట్‌బ్యాంకింగ్‌లో చేర్చి, పేరు చూపే మీట నొక్కాడు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ బదిలీల్లో డబ్బు ఖాతా నంబరును బట్టే పోతుంది, మనం రాసిన పేరుతో పని లేదు. అందుకే ఖాతాదారు అసలు పేరు ముందే చూపాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. బ్యాంకులకు 2025 ఏప్రిల్ 1 వరకు గడువిచ్చింది. తెర మీద కంపెనీ పేరు రాలేదు, ఎవరో వ్యక్తి పేరు వచ్చింది. అయితే ఒక మాట: కంపెనీని పోలిన పేరుతో కరెంటు ఖాతా తెరిచే దొంగలూ ఉంటారు. పేరు తప్పయితే ఆగాలి గానీ, పేరు కలిసిందని పంపేయకూడదు.

బిల్లు మీది కొత్త నంబరు జోలికి పోకుండా, రెండేళ్ల కింద ఫోన్‌లో దాచుకున్న నంబరుకు కొట్టాడు.

"అన్నా, ఖాతా మార్చిన్రంట గదా?"

"ఎవరు చెప్పిన్రే? పాతదే నడుస్తుంది."

"మెయిల్ మీ దగ్గర్నించే వచ్చింది."

అవతల కాసేపు మాట లేదు. "పైసలు పంపలేదు గదా? ముందు మెయిల్ పాస్‌వర్డ్ మారుస్త. మిగతా పార్టీలకు కూడ ఫోన్లు చెయ్యాలె."

ఖాతా నిజంగానే మారి ఉంటే? అప్పుడూ ఆ పాత నంబరులోనే కొత్త ఖాతా అంకెలు ఆయన నోటితో చెప్పించుకోవాలి. ఒక్క రూపాయి పంపి, ముట్టిందని ఆయనే చెప్పాక మిగతాది పంపాలి. రూపాయి ముట్టిందా అని మెయిల్‌లో అడిగితే లాభం లేదు, ముట్టిందని జవాబిచ్చేది దొంగే.

డబ్బు పోయాక తెలిస్తే రేపటిదాకా ఆగొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేసి, బదిలీ యూటీఆర్ నంబరు చెప్పండి. మీ బ్యాంకుకూ చెప్పండి. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటేనే ఆపగలరు. దొంగ దాన్ని ఖాతాల మీద ఖాతాలు మార్చి డ్రా చేసేస్తాడు. ఇంత జరిగినా సప్లయర్‌కు మీరు బాకీ తీర్చినట్టు కాదు. సరుకు ఇచ్చినవాడు తన 4,72,000 మళ్లీ అడుగుతాడు.