కప్పు గెలిచినా రెండో ర్యాంకే

2022 డిసెంబరు 18 రాత్రి ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో మెస్సీ ప్రపంచకప్పు ఎత్తాడు. నాలుగు రోజులకు ఫిఫా జాతీయ జట్ల ర్యాంకింగ్స్ జాబితా వచ్చింది. మొదటి స్థానం బ్రెజిల్‌ది. క్వార్టర్ ఫైనల్లోనే క్రొయేషియా చేతిలో ఓడి ఇంటిదారి పట్టిన బ్రెజిల్! కప్పు గెలిచిన అర్జెంటీనా రెండో స్థానంలో ఉంది. బ్రెజిల్‌కు 1840.77 పాయింట్లు, అర్జెంటీనాకు 1838.38. ఎవరో కూడికలో పొరపాటు పడ్డారని చాలామంది అనుకున్నారు. కూడిక సరిగానే ఉంది. ఆ కూడిక ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే వింత కాస్త తగ్గుతుంది, విసుగు మాత్రం తగ్గదు.

ఫిఫా తొలి జాబితా 1992 డిసెంబరులో వెలువడింది. అప్పుడు జర్మనీ అగ్రస్థానంలో నిలిచింది. (మన దేశం హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ చేతికింద 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించేనాటికి ఇలాంటి జాబితాలేవీ లేవు. జాబితా పుట్టాక మనం ఎక్కిన అత్యున్నత మెట్టు 1996 ఫిబ్రవరిలో 94.) మొదట్లో లెక్క మరీ సాదాగా ఉండేది. 1999లో దాన్ని దిద్ది గోల్స్, సొంతగడ్డా పరాయిగడ్డా, మ్యాచ్ ప్రాముఖ్యం అన్నీ కలిపారు, ఎనిమిదేళ్ల ఫలితాలను లెక్కలోకి తెచ్చారు. ఎనిమిదేళ్లంటే ఒక తరం ఆటగాళ్లు రిటైరైపోయే కాలం. 2006 ఏప్రిల్‌లో అమెరికా నాలుగో ర్యాంకులో కూర్చుంది. ఆ వేసవి ప్రపంచకప్‌లో గ్రూపు దశ కూడా దాటలేదు. ఆ జూలైలోనే పద్ధతి మళ్లీ మారింది.

2006 పద్ధతిలో ఒక్కో మ్యాచ్‌కి నాలుగు సంఖ్యల గుణకారం ఉండేది. గెలిస్తే 3, డ్రా అయితే 1, ఓడితే 0. దాన్ని మ్యాచ్ ప్రాముఖ్యంతో గుణించేవారు. ఫ్రెండ్లీ మ్యాచ్‌కి 1, ప్రపంచకప్ క్వాలిఫయర్‌కి 2.5, ప్రపంచకప్ మ్యాచ్‌కి 4. తర్వాత ప్రత్యర్థి బలం: 200లోంచి వాళ్ల ర్యాంకు తీసేసి వందతో భాగించేవారు. చివరగా ఖండం బలం, ఐరోపా జట్లకు అది ఇంచుమించు 1. వచ్చినదాన్ని వందతో హెచ్చిస్తే ఆ మ్యాచ్ పాయింట్లు. ఇంతవరకు ఇబ్బంది లేదు. తరువాత వీటిని కూడలేదు, ఏడాదివారీగా సగటు తీశారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక ఐరోపా జట్టు 50వ ర్యాంకు జట్టును క్వాలిఫయర్‌లో ఓడించిందనుకుందాం. 3, 2.5, 1.5 గుణిస్తే 1125 పాయింట్లు. అదే ప్రత్యర్థిని ఫ్రెండ్లీలోనూ ఓడిస్తే వచ్చేవి 450. రెండూ గెలిచిన జట్టు సగటు 787.5. రెండోది అసలు ఆడకుండా ఇంట్లో కూర్చున్న జట్టు సగటు 1125. అంటే గెలిచి నష్టపోవడమన్నమాట. 2014 ప్రపంచకప్‌కి ఆతిథ్యమిచ్చే బ్రెజిల్‌కి క్వాలిఫయర్లు ఆడే పనిలేక ఫ్రెండ్లీలే మిగిలాయి. 2013 జూన్‌లో అది 22వ ర్యాంకుకు జారిపోయింది. బ్రెజిల్ 22వ జట్టు అంటే నవ్వని ఫుట్‌బాల్ అభిమాని ఉండడు.

పోలండ్ ఈ లొసుగును తాపీగా వాడుకుంది. 2018 ప్రపంచకప్ గ్రూపుల డ్రాకి 2017 అక్టోబరు ర్యాంకింగ్స్ ఆధారం. ఆతిథ్య రష్యాతోపాటు పైనున్న ఏడు జట్లకు మొదటి పాట్‌లో చోటు. మొదటి పాట్‌లో పడితే గ్రూపు దశలో పెద్ద జట్ల పోరు తప్పినట్టే. పోలండ్ 2016 నవంబరు తర్వాత దాదాపు ఏడాదిపాటు ఒక్క ఫ్రెండ్లీ కూడా ఆడలేదు, క్వాలిఫయర్లతోనే సరిపెట్టింది. ఆరో ర్యాంకు దక్కింది. ఎనిమిదో ర్యాంకు స్పెయిన్ రెండో పాట్‌లోకి వెళ్లింది. పోలండ్ తప్పు చేసిందని నేననను. నిబంధన రాసినవాళ్లు తలుపు తెరిచిపెట్టారు, వాళ్లు లోపలికి నడిచారు. రష్యా వెళ్లాక సెనెగల్, కొలంబియాల చేతిలో ఓడి గ్రూపులో అట్టడుగున నిలిచారు.

ఫిఫా ఈసారి చదరంగం వైపు చూసింది. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఎలో చదరంగ ఆటగాళ్లకు కట్టిన రేటింగ్ పద్ధతిని కొద్దిగా మార్చి 2018 ఆగస్టు నుంచి అమలుచేసింది. ఇందులో సగటు లేదు. రెండు జట్ల పాయింట్ల తేడా చూసి బలమైన జట్టు ఎంతవరకు గెలవాలో ముందే అంచనా వేస్తారు. సమఉజ్జీలైతే అంచనా 0.5. తేడా 600 ఉంటే బలమైన జట్టు అంచనా సుమారు 0.91. గెలుపు 1, డ్రా 0.5, ఓటమి 0. వచ్చిన ఫలితంలోంచి అంచనాను తీసేసి మ్యాచ్ ప్రాముఖ్యంతో హెచ్చించి పాత పాయింట్లకు కలుపుతారు. సాధారణ ఫ్రెండ్లీకి 10, క్వాలిఫయర్‌కి 25, ప్రపంచకప్‌లో 50, క్వార్టర్స్ నుంచి 60.

ఖతార్‌లో అర్జెంటీనా తొలి మ్యాచ్ సౌదీ అరేబియాతో. అర్జెంటీనావి 1773.88, సౌదీవి 1437.78. 336 తేడాకి అర్జెంటీనా అంచనా 0.784. గెలిచి ఉంటే 0.216ని 50తో హెచ్చించి 11 పాయింట్లు దక్కేవి. 2-1తో ఓడింది కాబట్టి 39 పాయింట్లు పోయాయి, అవే సౌదీ ఖాతాలో పడ్డాయి. ఈ గుంటను పూడ్చుకుంటూ ఫైనల్‌దాకా రావాలి. నెదర్లాండ్స్‌తో క్వార్టర్ ఫైనల్, ఫ్రాన్స్‌తో ఫైనల్ పెనాల్టీ షూటౌట్‌కి వెళ్లాయి. షూటౌట్‌లో గెలుపు ఈ లెక్కలో 1 కాదు, 0.75. ఆ పావు వంతును 60తో హెచ్చిస్తే 15. ఫైనల్‌ని 120 నిమిషాల్లోపు ముగించి ఉంటే ఆ 15 వచ్చి అర్జెంటీనా హాయిగా బ్రెజిల్‌ను దాటేది. బ్రెజిల్‌కేమో ఇంకో నిబంధన కలిసొచ్చింది. ప్రపంచకప్ వంటి టోర్నీల నాకౌట్ దశలో ఓడినా పాయింట్లు కోయరు. ఆ మినహాయింపు లేకపోతే క్రొయేషియా మ్యాచ్‌లో బ్రెజిల్‌కి రెండున్నరకు మించే పోయేవి. అగ్రస్థానమూ పోయేది.

షూటౌట్ గెలుపు 0.75 ఎందుకు, 0.8 ఎందుకు కాదు? క్వార్టర్ ఫైనల్ బరువు 60 ఎలా అయింది? గణితశాస్త్రం చెప్పదు, ఎవరో కూర్చుని నిర్ణయించారు. గోల్స్ తేడా, సొంతగడ్డ అనుకూలత పూర్తిగా వదిలేశారు. 2018లో కొత్త లెక్క మొదలుపెట్టేటప్పుడు పాత జాబితాలో మొదటి జట్టుకు 1600, తర్వాతి ప్రతి మెట్టుకూ 4 తగ్గిస్తూ పాయింట్లు పంచారు. పాత పద్ధతి వంకరలే కొత్తదానికి పునాది అయ్యాయి. పైగా ఏ ఖండం జట్లు ఎక్కువగా ఆ ఖండంలోనే ఆడుకుంటాయి. చేతులు మారేవి ఆ ఊరి పాయింట్లే. ఆసియా జట్టు ఎంత ఎదిగినా, ఐరోపా ఖాతాలోంచి పాయింట్లు లాక్కునే అవకాశం నాలుగేళ్లకోసారి ప్రపంచకప్‌లోనూ, అరకొర ఫ్రెండ్లీల్లోనూ తప్ప రాదు.

అర్జెంటీనా మొదటి స్థానానికి ఎలా చేరిందో చెప్పాలిగా. 2023 మార్చిలో సొంతగడ్డ మీద రెండు ఫ్రెండ్లీలు ఆడింది. పనామాను 2-0తో, కరీబియన్ దీవి కురసావును 7-0తో ఓడించింది. ఏడు గోల్స్‌కు దక్కింది ఒక పాయింటు చిల్లర. రెండు మ్యాచ్‌లూ కలిపి 2.55. అదే వారం టాంజియర్‌లో బ్రెజిల్ మొరాకో చేతిలో 2-1తో ఓడి ఆరున్నర పాయింట్లు పోగొట్టుకుంది. ఏప్రిల్ 6 జాబితాలో ప్రపంచ విజేత 1840.93తో అగ్రస్థానం ఎక్కింది.