చమురు డబ్బుతో కట్టిన బడులు

చదువుకుంటే జీతం పెరుగుతుందని మనింట్లో అమ్మమ్మలకి కూడా తెలుసు. కానీ ఎంత పెరుగుతుంది? పెరిగింది చదువు వల్లేనా, లేక చదివించగలిగిన ఇంట్లో పుట్టడం వల్లా? ఈ రెండో ప్రశ్నకి జవాబు చెప్పడం అర్థశాస్త్రవేత్తలకి చాలాకాలం కష్టమైంది. థియోడర్ షుల్జ్, గ్యారీ బెకర్ 1960ల్లోనే చదువునీ, పనిలో శిక్షణనీ పెట్టుబడిగా చూడాలన్నారు. దానికి ‘మానవ మూలధనం’ అని పేరు కూడా స్థిరపడింది. పేరొచ్చింది గానీ, కొలత మీద అనుమానం మాత్రం పోలేదు. డిగ్రీ చదివినవాడి జీతాన్ని, అయిదో తరగతితో ఆపేసినవాడి జీతాన్ని పక్కపక్కన పెడితే ఆ తేడాలో తండ్రి పొలం, మేనమామ సిఫార్సు, పిల్లాడి తెలివితేటలు అన్నీ కలిసే ఉంటాయి కదా.

ఆ చిక్కుముడి విప్పడానికి బాగా పనికొచ్చిన ఉదాహరణ మాకు ఇక్కడ మలేషియాలో సముద్రం దాటితే కనబడేదే. ఇండోనేషియా.

1973 చివర్లో ప్రపంచమంతా చమురు ధర ఒక్కసారిగా ఎగిసింది. కొనే దేశాలు గగ్గోలు పెడితే, అమ్మే ఇండోనేషియాకి మాత్రం డబ్బు వరదలా వచ్చింది. ప్రెసిడెంట్ సుహార్తో ప్రభుత్వం అందులో కొంత పల్లెల్లో బడులకి మళ్ళించింది. ప్రెసిడెంట్ ఆదేశంతో నడిచింది కాబట్టి వాటికి ‘ఇన్‌ప్రెస్’ బడులని పేరు. 1973-74 నుంచి 1978-79 దాకా 61,000కి పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టారు. ఒక్కో బడిలో ముగ్గురు టీచర్లు, 120 మంది పిల్లలు అని లెక్క. అప్పటికి ప్రపంచంలో అంత వేగంగా అన్ని బడులు కట్టిన కార్యక్రమం లేదనే అంటారు. సుహార్తో పాలనలో మెచ్చుకోలేనివి చాలా ఉన్నాయి, అది వేరే సంగతి.

అసలు కీలకం పంపకం సూత్రంలో ఉంది. 1972లో ఏ జిల్లాలో బడికి వెళ్ళని పిల్లలు ఎక్కువో, ఆ జిల్లాకి ఎక్కువ బడులు. అంటే వెనకబడిన చోటుకే ఎక్కువ వచ్చాయి. అందువల్ల బడులు ఎక్కువున్న జిల్లాని, తక్కువున్న జిల్లాని నేరుగా పోల్చామా, ఫలితం తలకిందులుగా వస్తుంది: బడులు ఎక్కువున్న చోటే చదువు తక్కువగా కనిపిస్తుంది!

ఎస్తేర్ డుఫ్లో (2019లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు) 2001లో అచ్చయిన తన వ్యాసంలో దీన్ని ఇలా దాటింది. 1974లో రెండు నుంచి ఆరేళ్ళ వయసున్న పిల్లలు కొత్త బడుల్లో చేరగలిగారు. అప్పటికే పన్నెండు నుంచి పదిహేడేళ్ళున్నవాళ్ళకి ప్రాథమిక బడి వయసు దాటిపోయింది. బడి పక్క వీధిలోనే కట్టినా వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. అంటే ఒకే ఇంట్లో అన్నకి అందలేదు, తమ్ముడికి అందింది. 1995 నాటి పెద్ద సర్వేలో ఈ మగపిల్లలందరూ పెద్దవాళ్ళై సంపాదిస్తూ కనిపించారు. వాళ్ళు ఏ జిల్లాలో పుట్టారో, ఎప్పుడు పుట్టారో, ఎంత చదివారో, ఎంత సంపాదిస్తున్నారో అందులో ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం, కూడికలు తీసివేతలే. ఎక్కువ బడులు కట్టిన జిల్లాల్లో అన్నల సగటు చదువు 8.02 ఏళ్ళు, తమ్ముళ్ళది 8.49. పెరిగింది 0.47. తక్కువ కట్టిన జిల్లాల్లో అన్నలది 9.40, తమ్ముళ్ళది 9.76. పెరిగింది 0.36. కాలంతో పాటు దేశమంతా ఎలాగూ పెరిగేది ఆ 0.36 అనుకుంటే, బడుల వల్ల అదనంగా వచ్చింది 0.11 ఏళ్ళు. చాలా చిన్న అంకె, నిజమే. కానీ ఇది జిల్లా మొత్తానికి సగటు. బడి లేకపోయినా చదివేసేవాళ్ళు, బడి వచ్చినా వెళ్ళనివాళ్ళు అందరూ ఇందులో ఉన్నారు. ఇంకా వివరంగా లెక్కేస్తే, వెయ్యిమంది పిల్లలకి ఒక్కో బడి చొప్పున చదువు 0.12 నుంచి 0.19 ఏళ్ళు, జీతం 1.5 నుంచి 2.7 శాతం పెరిగాయని తేలింది.

ఇదంతా కాకతాళీయమేమో అన్న అనుమానం రావాలి. వెనకబడిన జిల్లాలు ఎలాగూ వేగంగా ఎదుగుతున్నాయేమో? అందుకని ఆవిడ ఇంకో జత పోల్చింది: పన్నెండు నుంచి పదిహేడేళ్ళవాళ్ళని, వాళ్ళకంటే పెద్దవాళ్ళతో. ఇద్దరికీ కొత్త బడులు అందలేదు కాబట్టి ఇక్కడ తేడా రాకూడదు. దాదాపు సున్నాయే వచ్చింది. ఇలాంటి సరిచూపు లేని లెక్కని నేనైతే నమ్మను.

జీతంలో పెరుగుదలని చదువులో పెరుగుదలతో భాగిస్తే, ఒక్కో ఏడాది చదువుకి జీతం సుమారు 7 నుంచి 10.5 శాతం పెరిగినట్టు లెక్క. మన భాషలో చెప్పాలంటే, నెలకి 2,000 రింగిట్ల పనివాడికి ఎనిమిది శాతం అంటే 160 రింగిట్లు. ఏడాదికి 1,920. ముప్పై అయిదేళ్ళు పనిచేస్తే 67,200. అదీ ఒక్క ఏడాది చదువుకి. ధరలు మారతాయి, పని మధ్యలో పోవచ్చు, కాబట్టి దీన్ని ఊహ కోసమే తీసుకోండి. బడి కట్టిన ఖర్చు మాత్రం ముందే పోతుంది, ఫలితం పదిహేను ఇరవై ఏళ్ళకి గానీ మొదలవదు. అయిదేళ్ళకోసారి ఓట్లడిగేవాళ్ళకి బడి కంటే ఫ్లైఓవర్ మీద ఎందుకంత ప్రేమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంతవరకూ మగవాళ్ళ కథే. మరి అమ్మాయిలు? ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగింది. అదే బడి, అదే టీచరు, అయినా అన్ని జాతుల్లోనూ ఆడపిల్లల చదువు ఒకేలా పెరగలేదు. నావా అష్రఫ్, నటాలీ బౌ, నేథన్ నన్, అలెస్సాండ్రా వోనా ఈ విషయాన్ని పట్టుకున్నారు. పెళ్ళికొడుకు వైపువాళ్ళు ఆడపిల్ల తల్లిదండ్రులకి డబ్బిచ్చే ఆచారం ఉన్న జాతుల్లోనే కొత్త బడుల వల్ల అమ్మాయిల చదువు పెరిగింది. ఆ ఆచారం లేనిచోట పెరిగిన జాడ లేదు. సుమత్రాలోని బతక్ ప్రజలు ఆ డబ్బుని ‘సినమోత్’ అంటారు. అమ్మాయి చదువుకుంటే ఆ సొమ్ము పెరుగుతుంది. కాబట్టి చదివించడానికి తల్లిదండ్రులకి ఒక కారణం ఉంది.

మనకి ‘కన్యాశుల్కం’ అనగానే గురజాడ నాటకమూ, ముసలివాళ్ళకి అమ్ముడుపోయిన చిన్నపిల్లలూ గుర్తొస్తారు. ఆ ఆచారం మంచిదని ఎవరూ అనడం లేదు, నేనసలే అనను. ఇది చెప్పేది ఒక్కటే: చదువుకి అయ్యే ఖర్చు పెట్టేది అమ్మానాన్నలు, ఆ లాభం అనుభవించేది కూతురు, తర్వాత ఆమె అత్తారిల్లు. తిరిగి తమదాకా ఏమీ రాదనుకున్న ఇంట్లో, చదువు ఎంత లాభమైన పెట్టుబడైనా ఎవరూ పెట్టరు. కట్నం ఉన్న మనవైపు లెక్క ఇంకా వంకర. ‘ఎక్కువ చదివిస్తే అంతకంటే చదివినవాణ్ణి తేవాలి, కట్నం ఎక్కడనుంచి తెస్తాం’ అన్న మాట వినని ఆడపిల్ల మన తరంలో ఎంతమంది? గల్ఫ్ నుంచో అమెరికా నుంచో ఇంటికి డబ్బు పంపే కూతుళ్ళు వచ్చాక ఆ లెక్క కొన్ని ఇళ్ళలో మారింది. ఎవరో బోధిస్తే మారలేదు, నెలనెలా డబ్బు అందితే మారింది.

ఇన్‌ప్రెస్ బడుల్లో చదివినవాళ్ళకి ఇప్పుడు యాభై దాటాయి. ఇటీవల ఇంకొందరు పరిశోధకులు వాళ్ళ పిల్లల్నీ లెక్కలోకి తీసుకున్నారు. తల్లికి ఆ బడి అందిన ఇళ్ళలో పిల్లలు హైస్కూలు, కాలేజీ దాకా ఎక్కువగా వెళ్ళారు.