పెళ్లి చేసే ఉత్తరం

పెళ్లికి ముందురోజు రాత్రి పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఉత్తరం రాశాడంటే మనకు ప్రేమలేఖే గుర్తుకొస్తుంది. గల్ఫ్ వలసల చరిత్రలో ఇంకో రకం ఉత్తరం ఉంది. అందులో ప్రేమ మాట ఒక్కటీ ఉండకపోవచ్చు. కానీ అది చేరకపోతే మర్నాడు పెళ్లే లేదు.

ఖతర్‌లో పనిచేసేవాడికి సెలవు దొరికినంత మాత్రాన ఇంటికి రావడం కుదిరేది కాదు. ఎగ్జిట్ పర్మిట్ మీద కఫీల్, అంటే అతన్ని పనికి రప్పించుకున్న యజమాని, ఒప్పుకుంటేనే విమానం ఎక్కాలి. 2018 నాటి 13వ నంబరు చట్టం చాలామంది కార్మికులకి ఈ బాధ తప్పించింది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు పెద్దవాళ్లు సంబంధం కుదిర్చి, తారీఖు పెట్టుకున్నాక కఫీల్ కాదంటే ఏం చెయ్యాలి?

హిందువుల పెళ్లయితే వాయిదా వెయ్యాల్సిందే. సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తవుతుందని 1955 హిందూ వివాహ చట్టం చెబుతుంది. ఆ ఏడడుగులూ వధూవరులే కలిసి వెయ్యాలి. నిజామాబాదులోనో కడపలోనో ఉన్న ముస్లిం కుటుంబానికి మాత్రం ఇంకో దారి ఉంది. నికా ఒక ఒప్పందం. ఒకరు ఈజాబ్ అంటే ప్రతిపాదన చెయ్యాలి, ఇంకొకరు కబూల్ అనాలి, రెండు మాటలూ సాక్షులు ఒకే మజ్లిస్‌లో, అంటే ఒకే కూర్చోలులో వినాలి. మనవైపు ముస్లింలలో ఎక్కువమంది పాటించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, దూరాన ఉన్నవాడి ఉత్తరం అతని నోటిమాటతో సమానం.

అయితే ఉత్తరం అందగానే అమ్మాయి "ఒప్పుకున్నాను" అంటే చాలదు. అప్పుడు సాక్షులు విన్నది సగమే అవుతుంది. ముందు ఉత్తరాన్ని వాళ్ల ఎదుట పైకి చదవాలి, తర్వాత కబూల్ చెప్పాలి. "నిన్ను పెళ్లాడాను" అని కాక "నిన్ను నాకిచ్చి పెళ్లి చెయ్యి" అని అతను రాస్తే లెక్క మారుతుంది. అప్పుడు ఆమెనే తన ప్రతినిధిగా పెట్టుకున్నట్టు. చదివి వినిపించకపోయినా, సాక్షుల ముందు ఫలానావాడితో నా పెళ్లి చేసుకున్నానని ఆమె అంటే సరిపోతుంది. క్రియాపదం ఒక్కటి మారితే పెళ్లి తంతే మారిపోతుంది.

కాగితానికి ఇంకో బలం కూడా ఉంది. నోటిమాటకి జవాబు ఆ కూర్చోలులోనే రావాలి, లేకపోతే ఆ మాట చెల్లిపోతుంది. ఉత్తరం అలా కాదు. ఇవాళ ఆమె మౌనంగా ఉండిపోయినా, ఇంకోరోజు సాక్షుల ముందు మళ్లీ చదివి ఒప్పుకోవచ్చు.

దూరాన్ని దాటిన నికాకి పాత ఉదాహరణ ఇస్లాం తొలినాళ్లలోనే ఉంది. అబూ సుఫ్యాన్ కూతురు ఉమ్మె హబీబా అబిసీనియాలో ఉండగా, మదీనాలో ఉన్న మహమ్మదు ప్రవక్త అక్కడి రాజు నజాషీ ద్వారా ఆమెను పెళ్లాడారు. ఆమె తరఫున ఖాలిద్ బిన్ సయీద్ వకీల్‌గా నిలబడ్డాడని, నజాషీయే 400 దీనార్ల మెహర్ ఇచ్చాడని ప్రవక్త చరిత్రలు చెబుతాయి.

ఫోన్లు వచ్చాక ఉత్తరం ఎందుకనిపిస్తుంది. కానీ 1990లో జెద్దాలో కూడిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, కొత్త సాధనాలతో ఒప్పందాలు చేసుకోవచ్చంటూనే నికాని మినహాయించింది. కారణం సాక్షులే. అవతలి గొంతు ఎవరిదో వాళ్లెలా చెప్పగలరు? అందుకే చాలామంది ఉలేమా వకీల్ పద్ధతి మేలంటారు. దోహాలోని పెళ్లికొడుకు ఊళ్లో ఉన్న మేనమామనో స్నేహితుణ్ణో వకీల్‌గా పెడుతూ కాగితం రాస్తాడు. తన పేరు, తండ్రి పేరు, అమ్మాయి పేరు, ఆమె తండ్రి పేరు, మెహర్ ఎంతో, వకీల్ ఎవరో, అంతే.

పొడిగా కనిపించే ఈ వివరాల్లో ఏది తప్పినా చిక్కే. మెహర్ యాభైవేలని అతను రాస్తే, మజ్లిస్‌లో మొహమాటపడి వకీల్ లక్షకి ఒప్పుకున్నాడనుకోండి. దోహా నుంచి అతను సరేననేదాకా ఆ నికా వేలాడుతూనే ఉంటుంది. కాగితమే లేకుండా ఎవరో చొరవచేసి అతని తరఫున కబూల్ అన్నా అంతే. అన్నిటికంటే పెద్ద చిక్కు వకీల్ నోట్లో ఉంది. "ఫలానావాడి కోసం కబూల్ చేశాను" అనాలి. అవతలివాళ్లు "అమ్మాయిని నీకిచ్చాం" అన్నప్పుడు అతను పరాకుగా "నేను కబూల్ చేశాను" అన్నాడా, హనఫీ లెక్కన పెళ్లికొడుకు అతనే అయిపోతాడు.

అందుకే ఖాజీ ఆ వాక్యాన్ని వకీల్‌చేత ముందే ఒకసారి చెప్పించుకోవడం మంచిది. అమ్మాయి మొదటిసారి తన భర్త మాట వినేది ఆ అరువు గొంతులోనే. అతని చేతిరాత మాత్రం సియాహ్‌నామాతో కలిసి ఆమె పెట్టెలో ఉండిపోతుంది.