మాట అరువా, భాష మారిందా?

కింది రెండు వాక్యాలను ఒకసారి పైకి చదవండి. "ఆ లెటర్‌ని నిన్ననే పోస్టు చేశాను." "వస్తానన్నాడు గానీ, ఐ డోంట్ బిలీవ్ హిమ్." రెండింటిలోనూ ఇంగ్లీషు ఉంది. కానీ రెండు చోట్లా జరిగింది ఒకటి కాదు. మొదటి వాక్యంలో 'లెటర్' మన 'ని' ప్రత్యయాన్ని తగిలించుకుంది, 'పోస్టు' పక్కన 'చేశాను' చేరింది. మాటలు పరాయివైనా వాక్యం తెలుగుదే. రెండో వాక్యంలో మాట్లాడేవాడు సగం దారిలో తెలుగు వదిలి ఇంగ్లీషులోకి దాటిపోయాడు. అక్కడినుంచి మాటలే కాదు, వాటి వరస కూడా ఇంగ్లీషుదే.

మొదటిదాన్ని భాషాశాస్త్రవేత్తలు ఆదానం అంటారు, మన వాడుకలో అరువు. రెండోది కోడ్ మార్పిడి. 'కోడ్' అంటే ఇక్కడ రహస్యలిపి కాదు, భాష అని మాత్రమే అర్థం. ఈ రెండు వాక్యాల్లో తేడా సులభంగానే తెలిసింది. చిక్కంతా ఒంటరి మాటలతో వస్తుంది. ఆ చిక్కు ఒకప్పుడు ఒక సిద్ధాంతాన్నే పడగొట్టేదాకా వచ్చింది.

అమెరికాలో స్థిరపడిన నార్వే వాళ్ల భాషను పరిశీలించిన ఐనార్ హాగెన్, 1950లో ఆదానం మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. 1953లో ఉరియెల్ వైన్‌రైక్ రెండు భాషల సంపర్కం మీద ప్రసిద్ధమైన పుస్తకం వెలువరించాడు. రెండు భాషలు బాగా వచ్చినవాడు సందర్భం మారితే భాష మారుస్తాడే తప్ప ఒకే వాక్యం మధ్యలో మార్చడని వైన్‌రైక్ అభిప్రాయం. మన ఇళ్లలో పది నిమిషాలు కూర్చుని ఉంటే ఆ మాట అనేవాడు కాదేమో!

ఆ అభిప్రాయాన్ని లెక్కలతో తిప్పికొట్టిన వ్యక్తి షానా పాప్లాక్. న్యూయార్క్‌లోని ప్యూర్టోరికో వాళ్ల పేటలో 20 మంది సంభాషణలను రికార్డు చేసి, స్పానిష్‌కూ ఇంగ్లీషుకూ మధ్య జరిగిన 1,835 మార్పిళ్లను ఆమె పరిశీలించారు. ఫలితాలు 1980లో ప్రచురించారు. వాక్యం మధ్యలో ఎక్కువగా భాష మార్చేవాళ్లు రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లేనని తేలింది. పైగా వాళ్లు ఎక్కడ పడితే అక్కడ మార్చడం లేదు. రెండు భాషల పదక్రమం ఒకేలా ఉన్నచోటే మారుస్తున్నారు. ఉదాహరణకు 'తెల్ల ఇల్లు' అనడానికి ఇంగ్లీషులో విశేషణం ముందు వస్తుంది, స్పానిష్‌లో నామవాచకం తర్వాత వస్తుంది. వరసలు ఢీకొనే అలాంటి చోట జనం భాష మార్చరు. ఈ నియమాన్ని మీరిన మార్పిళ్లు నూటికి ఒకటి కూడా లేవు. భాషలు కలిపి మాట్లాడటం అంటే వ్యాకరణం చెడటమే అనేవాళ్లకు ఇది గట్టి సమాధానం.

ఇప్పుడు ఈ నియమాన్ని మన భాష మీద పెట్టి చూడండి. "నేను లెటర్ రాశాను" అంటాం. తెలుగులో కర్మ ముందు, క్రియ తర్వాత. ఇంగ్లీషులో క్రియ ముందు, కర్మ తర్వాత. అంటే 'లెటర్'కీ 'రాశాను'కీ మధ్య రెండు భాషల వరసలు ఢీకొంటున్నాయి. పాప్లాక్ నియమం ప్రకారం అక్కడ భాష మారకూడదు. కానీ ఇలాంటి వాక్యాలు మనం రోజుకు ఎన్ని అంటామో లెక్కే లేదు. కాబట్టి నియమమైనా తప్పు కావాలి, లేదా ఆ వాక్యంలోని 'లెటర్' ఇంగ్లీషు మాటగా రాకపోయి ఉండాలి. అది అరువు మాటే అయితే భాష మారనే లేదు, నియమానికి భంగమూ లేదు.

ఇది తప్పించుకునే ఎత్తు కదా అని మీకు అనిపించవచ్చు. విమర్శకులూ అదే అన్నారు. నియమానికి లొంగినవన్నీ మార్పిళ్లు, లొంగనివన్నీ అరువు మాటలు అని పేరు పెట్టుకుంటే ఏ నియమమైనా నెగ్గుతుంది. పైగా 'లెటర్' అందరి నోటా ఉన్నదే గనుక సరే. "ఆ హైపాథిసిస్‌ని నేను ఒప్పుకోను" అని ఎవరో ఒకసారి అంటే అది కూడా అరువేనా? అవునంటారు పాప్లాక్. అప్పటికప్పుడు ఒక్కసారికి తెచ్చుకున్నదీ అరువేనట. ఆ మాట నిజమని చూపాలంటే నియమంతో సంబంధం లేని వేరే పరీక్ష ఉండాలి.

ఉచ్చారణ ఆ పరీక్షకు పనికిరాదు. 'బస్సు', 'రోడ్డు' చివర ఉకారం చేరి అచ్చంగా మనవైపోయాయి, నిజమే. కానీ ఒకే మనిషి ఒకే మాటను ఒకపూట ఒకలా, మరోపూట ఇంకోలా పలుకుతాడు. ఇంగ్లీషు యాస ఎంత ఉన్నా వాక్యంలో ఆ మాట తెలుగు మాటలాగే నడుచుకోవచ్చు.

అసలు పరీక్ష 1990లో వచ్చింది. డేవిడ్ సాంకాఫ్, షానా పాప్లాక్, స్వాతి వన్నియరాజన్ అనే ముగ్గురు తమిళుల మాటల్లో వచ్చే ఇంగ్లీషు నామవాచకాలను పరిశీలించారు. కిటుకు ఇది. తమిళంలో, మన భాషలోలాగే, కర్మకు ప్రత్యయం కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు. తెలుగులోనే చూద్దాం. "ఉత్తరం రాశాను" అన్నప్పుడు ప్రత్యయం అక్కర్లేదు. "ఆ ఉత్తరాన్ని చించేశాను" అన్నప్పుడు ఏ ఉత్తరమో తెలుసు గనుక సాధారణంగా వస్తుంది. ఇక "లెటర్ రాశాను" అనే ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేం. 'లెటర్' ఇంగ్లీషు మాటగా వచ్చింది గనుక ప్రత్యయం లేదా, లేక తెలుగు మాటకే అక్కడ ప్రత్యయం అక్కర్లేదా? రెండూ సాధ్యమే. అందుకే ఒక్క వాక్యం చాలదు, లెక్కపెట్టాలి. గంటల కొద్దీ సంభాషణ తీసుకుని, సొంత మాటలు ఎలాంటి చోట ఎన్నిసార్లు ప్రత్యయం తీసుకున్నాయో, అలాంటి చోటే ఇంగ్లీషు మాటలు ఎన్నిసార్లు తీసుకున్నాయో పోల్చాలి. అవి ఇంగ్లీషు మాటలుగానే వస్తుంటే ప్రత్యయం లేకుండానే మిగలాలి. లెక్క చూస్తే ఇంగ్లీషు నామవాచకాలు తమిళ నామవాచకాల దామాషానే అనుసరించాయి. ఒక్కసారి మాత్రమే వినబడిన మాటలూ అంతే.

ఈ పని కెనడాలోనూ సాగింది. క్యూబెక్ ఫ్రెంచిలోని ఇంగ్లీషు మాటలను పాప్లాక్, నథాలీ డియోన్ పాత రికార్డింగుల నుంచి కొత్తవాటి దాకా వెతికి 2012లో ప్రచురించారు. పరాయి మాట మొదట మార్పిడిగా వచ్చి, వాడగా వాడగా క్రమంగా అరువుగా స్థిరపడుతుందని చాలామంది నమ్మేవారు. అలా జరగడం లేదని వాళ్లు చూపారు. మాట వచ్చిన తొలిసారే ఫ్రెంచి వ్యాకరణం తొడుక్కుంటోంది. కాకపోతే అలా వచ్చిన వాటిలో ఎక్కువ భాగం మళ్లీ కనబడకుండా పోతున్నాయి.

అందరూ ఒప్పుకున్నారని కాదు. నైరోబీలో స్వాహిలీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాళ్లను పరిశీలించిన కారల్ మయర్స్-స్కాటన్, 1993లో వేరే దారి చూపారు. వాక్యానికి చట్రాన్ని ఒక ఆధార భాష ఇస్తుంది, రెండోది అందులోకి మాటలు పంపుతుంది. ఒంటరి మాట విషయంలో అరువుకూ మార్పిడికీ మధ్య గోడ కట్టనక్కర్లేదు అని ఆమె వాదన.

పాప్లాక్ పరీక్షకూ ఒక హద్దుంది. రెండు వ్యాకరణాలు విభేదించే చోటే అది పనిచేస్తుంది. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడేవాళ్లను తీసుకోండి. రెండింటిలోనూ కర్మ ముందు, క్రియ తర్వాత. వరస ఏమీ చెప్పదు, ప్రత్యయాల మీదే ఆధారపడాలి.

ప్రత్యయాలు కూడా ఒక్కోసారి రెండు వైపులా సాక్ష్యం చెబుతాయి. 'స్టూడెంట్లకు' అంటే పేచీ లేదు, బహువచనమూ విభక్తీ మనవే. కానీ 'స్టూడెంట్స్‌కి' అని కూడా అంటాం. అందులో బహువచనం ఇంగ్లీషుది, విభక్తి తెలుగుది. దీన్ని ఏ గూట్లో పెట్టాలి? మీ తరగతిలో ఒక గంటసేపు చెవి పెట్టి, ఇంగ్లీషు మాటల బహువచనాలకు 'లు' ఎన్నిసార్లు వచ్చిందో, 'స్' ఎన్నిసార్లు వచ్చిందో రెండు వరసల్లో గీతలు పెట్టుకుంటూ పోండి. ఏ మాటలకు ఏది వస్తోందో కూడా రాసుకోండి.